మామిడికాయ పెడితే మాట ఆపాలి

నాకు రెండో పెళ్ళి చేయాలని పట్టుబట్టింది మా అత్త. వినేవాళ్ళకు వింతగా ఉంటుంది గానీ ఉన్నమాట అదే. నా మొగుడు ధనశేఖర్ పోయి అప్పటికి ఆరేళ్ళు. ఆయన్ని కన్నతల్లి రామలక్ష్మమ్మ కృష్ణగిరిలో మా కులసంఘం వాళ్ళు పెట్టిన పరిచయ సభకు ఒక్కతే బస్సెక్కి పోయి, ఒక నంబరు కాగితం మీద రాయించుకుని, కొంగున ముడేసుకుని హోసూరుకు వచ్చింది.

"పేరు ఉపేంద్ర. కల్లావిలో మోటార్లు బాగుచేసే అంగడి పెట్టుకోనుండాడు. పెండ్లాము జ్వరమొచ్చి సచ్చిపోయి తొమ్మిదేండ్లాయ. తాగడు. నేను రెండుమార్లు అడిగినా, తాగడు," అంది.

"నాకెందుకత్తా ఇప్పుడు?"

"నా కొడుకు నిన్ను పదేండ్లు ఏడిపించినాడు. ఆరేండ్ల నుంచి నువ్వే ఏడుస్తా ఉండావు. చాల్లే ఇంక."

ఆ ముక్క తర్వాత నేను ఎదురు చెప్పలేదు. నాకు ముప్పై ఎనిమిది, నా కూతురు చైత్రకు పద్నాలుగు. ఇంట్లో మేము ముగ్గురు ఆడవాళ్ళం. ఫిబ్రవరి చివర్లో మొదలై జూన్ నెలలో బడులు తెరిచేదాకా, ఒక్క ఎన్నికల కాలంలో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది.

నేను మాటకు మాట వడ్డించే మనిషిని, ఆ సంగతి దాచను. అంతకు ముందు ఏడాది ఇట్లాగే సంబంధానికని ఒక పెద్దమనిషితో ఫోనులో రాసుకుంటూ ఉంటే, మూడో రోజే ఆయన "మీ ఇంట్లో ఏ పార్టీ" అని అడిగాడు. బొటనవేలు నొప్పిపుట్టేదాకా రాశాను. ఆయన రెండు వీడియోలు పంపితే నేను నాలుగు పంపాను. ఐదో రోజుకు ఆయన నా నంబరు తీసేశాడు. వాదనలో గెలిచింది నేనే. ఆ గెలుపును ఏం చేసుకోవాలో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే ఈసారి మోనిషాను అడిగాను. బేరిగై దగ్గర గులాబీల పాలీహౌస్‌లో నాతోపాటు గ్రేడింగ్ షెడ్డులో పనిచేసే పిల్ల. ఇరవై ఆరేళ్ళకే ఫోనులో ముగ్గురిని చూసి, ఇద్దరిని వద్దనుకుని, మూడోవాణ్ణి చేసుకుంది. తెల్లారి కోసిన పూలు బకెట్లలో వస్తాయి. మేము కింది ఆకులు దూసి, కాడ పొడవు చూసి, ఇరవైకొక కట్ట కట్టి, అట్టలో చుట్టి కోల్డ్ రూములో పెట్టాలి. చేతులు పనిలో ఉంటే మోనిషా నోరు ఇంకా బాగా ఆడుతుంది.

"అక్కా, కొత్తలో ఏ పార్టీ అని నువ్వు అడగద్దు. ఆయప్ప అడిగితే దాచిపెట్టద్దు, పురాణమూ చెప్పద్దు. రెండు మాటల్లో చెప్పి, మీకెట్ల అనిపిస్తాదని ఆయప్పనే అడుగు. గుచ్చుకునే మాట వస్తే ఎంబడే రాయద్దు. ఒక కట్ట కట్టి అప్పుడు రాయి. అప్పుడు గూడా బదులు రాయద్దు, ప్రశ్న రాయి."

"ప్రశ్నంటే? నీకేం తెలుసు అనా?"

"అది ప్రశ్న కాదు, కొట్లాట. మీరు అట్ల అనుకునేదానికి ఏం జరిగింది అని అడగాల. ఎవురికైనా వెనకాల ఏదో ఒకటి జరిగుంటాది. అది వినకుండా మాట మాత్రం పట్టుకుంటే ఇద్దరికీ మిగిలేది ఏమీ లేదు."

"ఇంక?"

"వీడియోలు పంపద్దు. మీరందరూ ఇంతే అనద్దు. నాకు ఇట్ల అయింది, నాకు ఇట్ల అనిపిస్తాది అని రాయి. వేడెక్కితే రాసేది నిలిపి ఫోన్ చెయ్యి, గొంతు వింటే అవతల మనిషుండాడని గుర్తొస్తాది. నువ్వు బతకలేని సంగతి ఒకటో రెండో ఉంటే ముందే చెప్పేయి. మిగిలినవన్నీ సర్దుకొనేవే."

"ఇన్ని పెట్టుకుంటే నేను నేనుగా ఎప్పుడు మాట్లాడేది?"

"నువ్వు నువ్వుగా మాట్లాడితే ఏమాయనో పోయినేడు చూసినాం గదక్కా," అంది ఆ పిల్ల, కట్ట అందుకుంటూ.

ఉపేంద్ర ఎక్కువగా రాయడు, రాస్తే ఇద్దరం ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకుంటాం. గొంతు రికార్డు చేసి పంపుతాడు. వెనకాల సుత్తి చప్పుడు, ఎవరో "అన్నా, మా మోటారు రెడీనా" అని కేకేయడం, అన్నీ వినిపిస్తాయి. నిదానమైన గొంతు. ఎండాకాలం మొదలైతే బోరు మోటార్లు కాలిపోతాయట, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయట. రాగి తీగ చుట్టేటప్పుడు ఒక్క చుట్టు తప్పినా మళ్ళీ మొదటి నుంచి చుట్టాలని చెప్పాడు. తమ్ముడి కూతురు తేజస్విని తన దగ్గరే పెరుగుతోందని కూడా చెప్పాడు.

"తమ్ముడు యాడుంటాడు?" అని రాశాను.

"లేడమ్మా," అని వచ్చింది.

"అయ్యో," అని రాసి, కొత్తలో లోతుగా అడగకూడదని ఊరుకున్నాను. అది మర్యాద అనుకున్నాను.

బతకలేని సంగతి ఒకటుందని నేను మొదటి వారంలోనే చెప్పేశాను. నా మొగుడు తాగి తాగి పోయాడనీ, తాగే మనిషితో ఒక్కరోజు కూడా ఉండలేననీ రాశాను. "నేను ముట్టను. మీ అత్తగారు రెండుమార్లు అడిగినారు," అని ఆయన జవాబు. నవ్వుకున్నాను. చాలా రోజుల తర్వాత ఫోను చూసి నవ్వుకున్నాను.

మొదటిసారి వేడెక్కింది తెలుగు గురించి. చైత్రకు బళ్ళో తెలుగు కూడా చెప్పిస్తున్నానని రాస్తే, "ఆ చదువు ఎందుకమ్మా, ఇక్కడ అన్నం పెట్టేది తమిళమే గదా, తెలుగు తెలుగు అనేటోళ్ళంతా ఓట్ల కోసం," అన్నాడు. నాకు చెవులు కాలిపోయాయి. నేను తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని. రాయాల్సింది పేజీలకు పేజీలు నోట్లో తిరుగుతోంది. ఒక కట్ట కట్టాను. చాల్లేదు, మూడు కట్టలు కట్టాను. అప్పుడు రాశాను: "నాకు ఆ మాట కష్టంగా ఉంది. నేను చదివింది తెలుగే. మీకు అట్ల అనిపించేదానికి ఏం జరిగింది, చెప్తారా?"

ఆయన రాయకుండా ఫోన్ చేశాడు.

"నాకు తెలుగు చదివేకి రాదమ్మా. మాట్లాడతాను, అంతే. పలమనేరులో మా బంధువుల పెండ్లికి పోయినప్పుడు మైకులో మంగళాష్టకం చదవమని పుస్తకం ఇచ్చినారు. తిప్పి తిప్పి చూసి, కండ్లద్దాలు తేలేదని చెప్పినా. అందరూ నవ్వినారు. ఆ పొద్దటి నుంచి ఆ మాటెత్తితే నాకు మంటగా ఉంటాది."

నేను కూడా నవ్వాను, కానీ మెల్లిగా. "నాకు మా టీచరమ్మ అంటే ప్రాణం. ఆమె పోయినంక ఆ పోస్టులో ఎవురూ రాలేదు. మా బడిలో తెలుగు ఆడికి నిలిచిపోయింది. అందుకే నాకు కోపం," అన్నాను. ఇద్దరిలో ఎవరమూ మనసు మార్చుకోలేదు. పక్కన పెట్టి, మరుసటి రోజు మామిడి పూత గురించి మాట్లాడుకున్నాం.

ఆ ఫోనులోనే ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆలోచన ఆయనదే.

"రేణమ్మా, ఇది ఎలక్షన్ టైము, దినమూ ఏదో ఒకటి వస్తాది. మాట వేడెక్కితే మనలో ఎవురన్నా ఫోనులో మామిడికాయ బొమ్మ పెడదాం. పెడితే ఇంకొకరు ఆడికే ఆపేయాల. ఎందుకని అడగకూడదు. కోపమూ పెట్టుకోకూడదు. చల్లారినంక, పెట్టినోళ్ళే ఆ మాట మళ్ళా ఎత్తుకోవాల."

"ఎత్తుకోకపోతే?"

"అప్పుడది ఆపేది కాదమ్మా, నోరు మూసేది."

ఆయన ఒకసారి పెట్టాడు. కల్లావి సంతలో నిలబెట్టిన ఒక నాయకుడి నిలువెత్తు కటౌటు గురించి నేను ఎగతాళి చేసినప్పుడు. రెండు రోజులకు తనే ఎత్తాడు. ఆ కటౌటు కట్టేటప్పుడు జారిపడి కాలు విరిగిన కూలి తన పక్కింటివాడట, అందుకే తను నవ్వలేకపోయాడట. నాకు సిగ్గేసింది. ఈ పద్ధతి ఎంత మంచిదో అనిపించి, మోనిషాకు కూడా చెప్పాను.

మార్చి నెల అంతా ఊళ్ళో మైకులు. మా అత్తకు మాత్రం ఒకటే పని. మా వీధి చివర సర్కారు బ్రాందీ అంగడిని మూయించడం. ఆమె కొడుకు ఆ అంగడి ముందున్న అరుగు మీదే సగం ఆయుష్షు గడిపాడు. అత్త చైత్ర పాత లాంగ్ నోట్‌బుక్కు తీసుకుని ఇంటింటికీ పోయి, ఆడవాళ్ళతో సంతకాలు పెట్టించింది. సంతకం రానివాళ్ళతో వేలిముద్ర వేయించింది. మొదటి సంతకం నాది.

ఓట్లడగడానికి అభ్యర్థి మా వీధికి వచ్చిన రోజు నేను పనికి పోలేదు. పొద్దున తొమ్మిదికే ఎండ చురుక్కుమంటోంది. ఆడవాళ్ళంతా హారతి పళ్ళేలతో నిలబడ్డారు. అత్త హారతి తిప్పి, బొట్టు పెట్టి, ఆయన పళ్ళెంలో డబ్బు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ దుడ్డు నీకాడే పెట్టుకో సామీ. ఈ పుస్తకం తీసుకో. ఆ అంగడి ముయ్యి. నా కొడుకును మింగింది అది."

చుట్టూ ఫోనులు లేచాయి. ఆయన పుస్తకం కళ్ళకద్దుకుని, గెలిస్తే జూన్‌లోపల మూయిస్తానని అందరి ముందు చెప్పాడు. అత్త ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఫోటో తీసి, అప్పటికప్పుడు ఉపేంద్రకు పంపాను. ఆ సంతోషం మొదట ఆయనకే చెప్పాలనిపించింది.

"పెద్దమ్మ గట్టి మనిషి," అని వచ్చింది. తర్వాత ఏదో రాస్తున్నాడు, ఆపుతున్నాడు, మళ్ళీ రాస్తున్నాడు. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను.

"కానీ రేణమ్మా, అంగడి మూసేది అంత మంచిది కాదు. మీరు ఆ పుస్తకంలో సంతకం పెట్టినారా? పెట్టకుంటే పెట్టద్దు. ఎందుకంటే"

అంతవరకే వచ్చింది. మిగతాది రాస్తున్నట్టు కనపడుతోంది.

నాకు గవర్నమెంటు ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. ధనశేఖర్ కక్కిన రక్తాన్ని నా చీరతోనే తుడిచిన ఆ మధ్యాహ్నం. కట్ట కట్టడానికి అప్పుడు నా చేతిలో పూలు లేవు. అడగవలసిన ప్రశ్న కూడా నాకు తెలుసు. నెల రోజులుగా అదే పద్ధతి అని మురిసిపోతున్నదాన్ని. కానీ ఆ "ఎందుకంటే" తర్వాత ఏది వచ్చినా నేను వినదలచుకోలేదు. మామిడికాయ పెట్టాను.

అవతల రాయడం ఆగిపోయింది. కొంచెంసేపటికి "సరేమ్మా" అని వచ్చింది.

ఒప్పందం ప్రకారం ఆ మాట మళ్ళీ ఎత్తవలసింది నేనే. మరుసటి రోజు ఎత్తలేదు. వారం పోయింది. "అడిగినావా?" అంది మోనిషా. "గొడవ కాలేదు గదా, ఇంకెందుకు కదిలించేది?" అన్నాను. ఆ పిల్ల కాడలు కత్తిరిస్తూ నా వంక చూసింది. నిజంగా గొడవ కాలేదు. ఇద్దరం బాగా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఎండలు, మోటార్లు, చైత్ర మార్కులు, తేజస్విని పళ్ళు ఊడటం. ఇంత శాంతంగా ఒక మనిషితో మాట్లాడగలనని నాకే తెలియదు, నన్ను చూసి నేనే గర్వపడ్డాను.

పోలింగుకు ముందు రెండు మూడు రోజులు బ్రాందీ అంగళ్ళన్నీ మూస్తారు కదా. ఆ రోజుల్లో ఆయన రికార్డు పంపాడు: "రేపట్నుంచి నేను నా మోటార్ల అంగడి తెరవనమ్మా. ఊర్లో తిరుగుతా ఉంటాను."

"ఎందుకు?" అన్నాను.

"ఏమీ లేదులేమ్మా," అన్నాడు. నేను పెట్టిన బొమ్మకు ఆయన ఇంకా కట్టుబడే ఉన్నాడని నాకు తట్టలేదు.

ఓట్లు వేశాక, మే నెలలో ఒక ఆదివారం కృష్ణగిరి డ్యాము పార్కులో కలుద్దామనుకున్నాం. మేము ముగ్గురం హోసూరు నుంచి, వాళ్ళిద్దరు కల్లావి నుంచి. ఫోటోలో కంటే కొంచెం నెరిశాడు. గొంతు మాత్రం అదే. నాకోసం ఏమీ తేలేదు గానీ చైత్రకు జామెట్రీ బాక్సు తెచ్చాడు. పాతది విరిగిందని నేను ఎప్పుడో అన్నానట. వేపుడు చేపలు తెప్పించాడు. ముళ్ళు తీసి తేజస్విని ఆకులో పెడుతుంటే, ఈ మనిషి మా ఇంట్లో మనిషే అనిపించింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి కష్టంగా ఉంది.

పదేళ్ళ పిల్ల తేజస్విని. మా అత్త ఒళ్ళో తల పెట్టేంతగా ఐదు నిమిషాల్లో కలిసిపోయింది.

"మీ నాయన ఏమి పని చేస్తా ఉండె పాపా?" అని అత్త మామూలుగా అడిగింది.

"లారీకి మామిడికాయలు లోడు ఎత్తుతా ఉండె అవ్వా. బాగా ఈల ఏస్తాడు. సచ్చిపోయినాడు. మా ఊరి బ్రాందీ అంగడి మూసేసినారు గదా, అప్పుడు గుట్టకాడ ఎవురో కాసిన సారాయి తాగినాడు. కండ్లు కనపడలే. తెల్లారి సచ్చిపోయినాడు. ఈల ఎట్లేస్తాడో చూపించనా?"

పిల్ల రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. చైత్ర తల తిప్పి ఆ పిల్లనే చూస్తోంది.

మా అత్త చెయ్యి ఆ పిల్ల తల మీద ఆగిపోయింది. ఉపేంద్ర ఆకులోకి చూస్తూ అన్నాడు:

"ఆ అంగడి ముయ్యాలని కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చినాం పెద్దమ్మా. తమ్ముడు మారియప్ప తాగేది తట్టుకోలేక. అందులో మొదటి సంతకం నాదే."

పిల్లలిద్దరూ లేచి ఊయల దగ్గరికి పోయారు. తేజస్విని తండ్రి నడక నడిచి చూపిస్తోంది. చైత్ర అడుగుతోంది: "ఇంకా? ఇంకా ఏం చేస్తా ఉండె?"

ఇంటికి వచ్చి రాశాను: "క్షమించండి. ఆ పొద్దు మీరు చెప్పబోయింది ఇదే గదా. ఇప్పుడు అంతా చెప్పండి, వింటాను." బొమ్మ పెట్టిన నలభై రోజులకు నేను ఆ మాట ఎత్తాను.

ఆయన చెప్పాడు. ఒకటి తర్వాత ఒకటి ఐదు రికార్డులు. అంగడి మూసిన రోజు ఊరంతా తన భుజం తట్టిన సంగతి, మారియప్ప మూడు వారాలు వణికిపోయిన సంగతి, తాగేవాడికి మందూ డాక్టరూ చూపించకుండా అంగడికి తాళం వేస్తే చాలనుకున్న సంగతి, తమ్ముడు గుడ్డివాడిలా చేతులు చాచి "అన్నా, లైటు ఎయ్యి" అని పట్టపగలు అడిగిన సంగతి, అందుకే పోలింగు ముందు అంగళ్ళు మూసిన రోజుల్లో ఎవరన్నా సారాయి కాస్తున్నారేమోనని ఊళ్ళో తిరిగిన సంగతి. ఎక్కడా నా సంతకం తప్పనలేదు. అంగళ్ళు తెరిచే ఉండాలనీ అనలేదు. నాతో వాదించడానికి ఆ రోజు రాయబోలేదు. తనకు జరిగింది మా ఇంటికి జరగకూడదని రాయబోయాడు.

వారం తర్వాత ఫోన్ చేసి, వద్దనుకుంటున్నానని చెప్పాడు.

"ఒక్కసారి తప్పు చేసినాను. ఇంక చెయ్యను, ఉపేంద్రప్పా," అన్నాను. బతిమాలడం నాకు అలవాటు లేదు. ఆ రోజు బతిమాలాను.

"మీరు చెడ్డోళ్ళు కాదమ్మా. మీకయిన గాయం పెద్దది, నాకు తెలుసు. మనిద్దరమే అయితే ఎట్లో సర్దుకుంటాం. పాప ఉంది గదా. దినమూ వాళ్ళ నాయన గురించి మాట్లాడతాది. అన్నం తింటా మాట్లాడతాది. సారాయి అంటాది, అంగడి అంటాది, నవ్వుతా చెప్తాది. ఎప్పుడన్నా ఒకనాడు మీ ముఖం మాడితే ఆ బిడ్డ ఆపేస్తాది. పెద్దోళ్ళమైతే మళ్ళా ఎత్తుకుంటాం. పిల్లోళ్ళు ఎత్తుకోరమ్మా."

"చైత్రను బాగా చదివించండి," అని పెట్టేశాడు. ఆయనలో కోపం ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ అభ్యర్థి గెలిచాడు, జూన్ మొదటి వారంలో మా వీధి అంగడి నిజంగానే మూశారు. వీధిలో ఆడవాళ్ళు టపాసులు కాల్చి, మైసూర్‌పాక్ పంచారు. మా అత్తను పిలవడానికి పదిమంది వచ్చారు. ఆమె మోకాళ్ళ నొప్పి అని చెప్పి లోపలే ఉండిపోయింది.

"ముయ్యడం తప్పని నా నోటితో నేను అనలేను రేణూ. కొడుకును పోగొట్టుకొన్నదాన్ని," అంది సాయంత్రం. "మంచిదాయ అని గూడా అనలేను. రేపట్నుంచి ఆ మొగోళ్ళు యాడికి పోతారో, ఎవురు చూస్తారు?" మరుసటి రోజు నుంచి ఆమె చైత్రదే ఇంకో పాత నోట్‌బుక్కు తీసుకుని మళ్ళీ అవే ఇళ్ళకు పోవడం మొదలుపెట్టింది. తాగుడు మాన్పించే వార్డు ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కుని, ఇంట్లో తాగేవాళ్ళున్న ఆడవాళ్ళకు చెబుతోంది. సగంమంది తలుపు తీయడం లేదు.

బడి తెరిచే ముందు రోజు పొద్దున, నేనూ చైత్రా నేల మీద కూర్చుని పుస్తకాలకు అట్టలు వేస్తున్నాం. అది కత్తెర ఆపి, తల ఎత్తకుండా, "అమ్మా, నాయన గురించి ఒకటి చెప్పనా?" అంది.

నేను తలెత్తాను. నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. దానికి తెలిసింది.

"వద్దులే," అని మళ్ళీ కాగితం కత్తిరించసాగింది.

ఆరేళ్ళలో అది వాళ్ళ నాన్న మాట ఎత్తినట్టు నాకు ఒక్కసారీ గుర్తులేదు. మరిచిపోయిందనుకున్నాను. మంచిదే అయిందని కూడా అనుకున్నాను.

"చెప్పు," అన్నాను.

"కోపం చేసుకుంటావు."

"చేసుకోను. చెప్పు చైత్రా."

కత్తెర కింద పెట్టింది. "నేను రెండో క్లాసులో ఉన్నప్పుడు నాయన మధ్యాన్నం బడికాడికి వస్తా ఉండె. లోపలికి రాడు. రోడ్డుకు అవతల సైకిల్ అంగడి కాడ నిలబడతాడు. వాసనొస్తాదని, నా ఫ్రెండ్స్ చూస్తారని. నేను గేటుకాడికి పోయి, ఎన్ని లెక్కలు రైటో వేళ్ళు చూపిస్తాను. నాయన అన్నే వేళ్ళు మళ్ళా చూపిస్తాడు. తప్పుగా చూపిస్తే నవ్వుతానని, కావాలనే తప్పు చూపిస్తాడు."

ఆ మధ్యాహ్నాలు నాకు తెలుసు. పని మానేసి అంగడి అరుగు మీద పడి ఉన్నాడని నేను పూలు కడుతూ తిట్టుకున్న మధ్యాహ్నాలు అవి. అంత ప్రేమ ఉంటే తాగుడు మానలేకపోయాడా అనే మాట నాలుక మీదికి వచ్చింది. ఆ మాట అబద్ధం కూడా కాదు. మింగేశాను.

"దినమూ వస్తా ఉండెనా?" అన్నాను.

"దినమూ కాదు. నడవగలిగితే వస్తాడు. పోయిన వారం గూడా వచ్చినాడు."

"పోయిన వారమా?"

"అంటే, ఆసుపత్రికి పోయే ముందు వారం," అంది. దానికి ఆ వారం ఇంకా పోయిన వారంగానే ఉంది.

నేను కళ్ళు తుడుచుకున్నాను. "ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"అవ్వకు అప్పుడే చెప్పినా. అవ్వా నేనూ మాట్లాడుకుంటాం, నువ్వు పనికి పోయినంక."

వంటింట్లో మా అత్త గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఇంకా ఏమేమి ఉండాయి?" అన్నాను.

చైత్ర నా ముఖంలోకి చాలాసేపు చూసింది. చెప్పవచ్చో లేదో చూసుకుంటోంది. నేను అట్లాగే కూర్చుని చూడనిచ్చాను.